వీపు మీద పేరు, నంబరు ఎంత, స్పాన్సర్ లోగో ఎక్కడ: జెర్సీ కొలతల లెక్క

ప్రశ్న: అన్నా, సంక్రాంతి టోర్నమెంటుకి మా ఊరి టీమ్‌కి 16 జెర్సీలు సబ్లిమేషన్‌లో చేయిస్తున్నాం. ముదురు నీలం, పోలో కాలర్, హాఫ్ హ్యాండ్స్. స్పాన్సర్లు ముగ్గురు. డిజైన్ నేనే కోరల్‌డ్రాలో చేస్తున్నా. పేరు, నంబరు, లోగోలు ఎక్కడెక్కడ, ఎంతెంత సైజులో పెట్టాలి? మా కెప్టెన్ పేరు వెంకట సుబ్రహ్మణ్యం, అది వీపు మీద పట్టట్లేదు. ముగ్గురు స్పాన్సర్లూ ఛాతీయే కావాలంటున్నారు.

సమాధానం:

కొలతలు చెబుతాను గానీ ముందు ఒక చిన్న లెక్క చూడండి. అది తెలిస్తే సగం అనుమానాలు వాటంతటవే పోతాయి.

మీ గ్రౌండ్‌లో స్కోరర్ బౌండరీ బయట కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పిచ్ దాకా 65, 70 మీటర్లు ఉంటుంది. వీపు మీద నంబరు 8.5 ఇంచుల ఎత్తు ఉందనుకోండి. 70 మీటర్ల దూరంలో అది ఎంత కనిపిస్తుందో, చేయి చాపి పట్టుకున్న ఫోన్‌లో 1.5 మిల్లీమీటర్ల అక్షరం అంత కనిపిస్తుంది. చిన్నదే, అయినా చదవొచ్చు. అదే లెక్కలో 2 ఇంచుల పేరు 0.4 మిల్లీమీటర్ కూడా ఉండదు. దాన్ని 3 ఇంచులకి పెంచినా ఎవడూ చదవలేడు. అంటే నంబరు దూరం నుంచి చూసేవాళ్ళ కోసం, పేరు దగ్గర నుంచి తీసే కెమెరా కోసం. చాలామంది పేరు పెద్దగా కనపడాలని నంబరుని కిందకి తోసి 6 ఇంచులకి తగ్గిస్తారు. పేరూ చదవడం కుదరదు, నంబరూ పోతుంది. అంతర్జాతీయ క్రికెట్లోనూ ఈ రెండూ ఒకేసారి రాలేదు. ప్రపంచ కప్‌లో వీపు మీద పేర్లు 1992లో వచ్చాయి, నంబర్లు 1999లో వచ్చాయి. టెస్టుల తెల్ల బట్టల మీద రెండూ కనపడటానికి 2019 యాషెస్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక వీపు. నేను L సైజు మీద చెబుతాను. మా దగ్గర L అంటే ఛాతీ చుట్టు 42, అంటే బ్యాక్ ప్యానెల్ పరిస్తే 21 ఇంచుల వెడల్పు. కాలర్ కుట్టు నుంచి కింద అంచు దాకా 28. మీ కుట్టేవాళ్ళ చార్టు అర ఇంచు అటూ ఇటూ ఉండొచ్చు. కాబట్టి కటింగ్ మాస్టర్ దగ్గర ప్యాటర్న్ ఫైలు తీసుకున్నాకే మొదలుపెట్టండి. గూగుల్‌లో దొరికిన జెర్సీ మాకప్ మీద డిజైన్ చేసి పంపితే, దాన్ని మేము మళ్ళీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే.

పేరు పై అంచు కాలర్ కుట్టుకి 3 ఇంచుల కింద మొదలవ్వాలి. ఇక్కడ చాలామంది దెబ్బ తింటారు. ప్యాటర్న్ మీద కాలర్ ఉండదు కదా, మెడ వంపు మాత్రమే కనిపిస్తుంది. స్క్రీన్ మీద ఒకటిన్నర ఇంచు కింద పెడితే చక్కగా ఉన్నట్టే అనిపిస్తుంది. కుట్టిన తర్వాత పోలో కాలర్ వెనక్కి మడత పడి దాదాపు 2 ఇంచులు కప్పేస్తుంది, పేరు తల సగం కాలర్ కిందకి పోతుంది. గుండ్రటి మెడ అయితే 2 ఇంచులు చాలు, మీది పోలో కాబట్టి 3.

అక్కడి నుంచి కిందకి లెక్క వేసుకోండి. పేరు ఎత్తు 2 ఇంచులు, అంటే 5వ ఇంచు దగ్గర ముగుస్తుంది. ఒకటింబావు ఖాళీ వదిలితే నంబరు ఆరుంబావు దగ్గర మొదలై, 8.5 ఎత్తుతో 14.75 దగ్గర ఆగుతుంది. ఒకటిన్నర ఖాళీ ఇచ్చి, వెనక స్పాన్సర్ 10 ఇంచుల వెడల్పు, రెండున్నర ఎత్తు పెడితే 18.75కి అయిపోతుంది. కింద ఇంకా 9 ఇంచుల పైన ఖాళీ ఉంది కదా, స్పాన్సర్‌ని ఇంకాస్త కిందకి దించి పెద్దది చేద్దాం అనిపిస్తుంది. చేయకండి. టోర్నమెంటులో అంపైర్ టక్ చేయమంటే కింద 5, 6 ఇంచులు ప్యాంటులోకి పోతాయి. దాని పైన ఇంకో రెండు ఇంచులు ఉబ్బుగా మడత పడి ఉంటుంది. 20వ ఇంచు దాటిన లోగో మడతలో ఉన్నట్టే.

నంబరు వెడల్పు రెండంకెలకి 10, 10.5 ఇంచుల్లో ఉంచండి. అంతకన్నా వెడల్పయితే అంకెల అంచులు డొక్కల వైపు తిరిగిపోయి 45 కాస్తా 4 లాగానో 5 లాగానో కనిపిస్తుంది. ఫాంటు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. కోణాలు, కోతలు, మధ్యలో గీతలు ఉన్న స్టైల్ ఫాంట్లలో 3, 6, 8 మూడూ ఒకటే అయిపోతాయి. లావుగా, అంకెల లోపలి ఖాళీలు తెరిచి ఉన్న మామూలు ఫాంటు తీసుకోండి. అవుట్‌లైన్ ఇస్తే అది బయటికే పెరగాలి, లోపలికి పెరిగితే 8లో రంధ్రాలు మూసుకుపోతాయి. కోరల్‌డ్రాలో అవుట్‌లైన్ పెన్ పెట్టెలో `Behind fill` టిక్ పెట్టండి, పక్కనే `Scale with object` కూడా పెట్టండి. రెండోది మరిచిపోతే, నంబరుని చిన్నది చేసినప్పుడు గీత మాత్రం అదే లావున మిగిలిపోతుంది.

పరీక్ష ఎలాగంటే, బ్యాక్ మొత్తాన్ని ఫోన్‌లో అర సెంటీమీటర్ ఎత్తుకి కుదించి చేయి చాపి చూడండి. నంబరు చదవగలిగితే స్కోరర్ కూడా చదవగలడు. ఇంట్లో డిజైన్ చూడని మనిషి చేత చదివిస్తే ఇంకా మంచిది. మీకు నంబరు ముందే తెలుసు కాబట్టి మీ కన్ను మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఇప్పుడు మీ కెప్టెన్ సంగతి. పేరు ఇంగ్లీషులోనే వేస్తున్నారనుకుంటున్నా. 2 ఇంచుల ఎత్తున్న, కాస్త సన్నటి బోల్డ్ ఫాంటులో ఒక్కో అక్షరం, పక్క ఖాళీతో కలిపి సుమారు 1.2 ఇంచులు పడుతుంది. భుజాల మధ్య పేరుకి వాడుకోదగ్గ జాగా 12 ఇంచులు. అంటే 10 అక్షరాలు హాయిగా పడతాయి. `VENKATA SUBRAHMANYAM` మధ్య ఖాళీతో కలిపి 20. మామూలుగా వేస్తే 24 ఇంచులు, ప్యానెల్ కంటే 3 ఇంచులు ఎక్కువ. సగానికి నొక్కితే పడుతుంది గానీ అక్షరాలు అగ్గిపుల్లలు నిలబెట్టినట్టు ఉంటాయి. ఇంటిపేరులా ముందు V పెట్టి `V SUBRAHMANYAM` అంటే 14, 16.8 ఇంచులు. 71 శాతానికి నొక్కాలి, అదీ బాగుండదు. ఒట్టి `SUBRAHMANYAM` అయితే 12 అక్షరాలు, 14.4 ఇంచులు, 83 శాతానికి నొక్కితే 12లో కూర్చుంటుంది. నా లెక్కలో 80 శాతం దాకా నొక్కినా చూసేవాడికి తేడా తెలీదు, అంతకన్నా కిందకి దిగితే తెలిసిపోతుంది. కాబట్టి సుబ్రహ్మణ్యం ఒక్కటీ వేయండి, లేదంటే ఊళ్ళో ఆయన్ని ఏమని పిలుస్తారో అది వేయండి. ఏది వేసినా ముందు ఆయన్నే అడగండి. ఇలాగే ఒక టీమ్‌కి మేమే కుదించి సుబ్బు అని వేశాం. ఆ మనిషి ఊళ్ళో టీచరు. జెర్సీ వేసుకోలేదు, మూడు మ్యాచ్‌లు మామూలు టీషర్టుతో ఆడాడు.

ఎత్తు మాత్రం 16 మందికీ ఒకటే ఉండాలి. పొడుగు పేరుకి ఎత్తు తగ్గించడం, `RAJU` లాంటి నాలుగక్షరాల పేరుని 12 ఇంచులు నిండేలా సాగదీయడం, ఈ రెండూ చేయకండి. అందరూ వెనక్కి తిరిగి ఫోటో దిగినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చిన్న పేరు చిన్నగానే మధ్యలో ఉంటుంది, దాని అందం దానిదే.

పేర్లు తెలుగులో వేయాలనుకుంటే లెక్క మారుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే గీత మీద నిలబడతాయి. మనకి పైన గుడి, కింద వత్తు. సుబ్రహ్మణ్యంలో ‘బ్ర’, ‘హ్మ’, ‘ణ్య’ మూడు వత్తులూ కిందకి దిగుతాయి. అక్షరం ఒళ్ళు ఒకటిన్నర ఇంచు ఉంచినా, పైనా కిందా కలిపి 3 ఇంచులు కావాలి. అందుకని నంబరుని ఒక ఇంచు కిందకి జరిపి 8కి తగ్గించుకోవాలి. దానికి బదులు వెడల్పులో కలిసొస్తుంది, ఇంగ్లీషులో 12 అక్షరాలైన పేరు తెలుగులో నాలుగు అక్షరాలూ ఒక సున్నా. అవుట్‌లైన్ తెలుగు పేరుకి అసలు వద్దు, మన అక్షరాల చుట్టలు దాంతో మూసుకుపోతాయి. అక్షరాల మధ్య ఖాళీ పెంచే స్లైడర్ జోలికి వెళ్తే వత్తు ఒక చోట, అక్షరం ఒక చోట పడతాయి. ఇంకో సంగతి, ఫోన్‌లో టైపు చేసిన తెలుగు యూనికోడ్. దాన్ని కాపీ చేసి అను ఫాంటులో పెడితే పిచ్చి గీతలు వస్తాయి, కన్వర్టర్‌లో మార్చుకోవాలి లేదా యూనికోడ్ ఫాంటే వాడాలి. ఏ భాషైనా సరే, ఫైలు ప్రెస్‌కి పంపేముందు అన్నీ సెలెక్ట్ చేసి `Ctrl+Q` కొట్టి కర్వ్స్ చేసేయండి. లేకపోతే వాళ్ళ కంప్యూటర్‌లో మీ ఫాంటు ఉండదు, సుబ్రహ్మణ్యం ఏ ఏరియల్‌లోనో అచ్చవుతుంది. కర్వ్స్ చేయని కాపీ ఒకటి మీ దగ్గర విడిగా దాచుకోండి.

ముందు వైపుకి వద్దాం. ఛాతీ అనగానే అందరూ స్క్రీన్ మీద ఎడమ వైపు టీమ్ లోగో పెడతారు. టీమ్ లోగో ఉండాల్సింది వేసుకున్నవాడి ఎడమ వైపు, గుండె మీద. స్క్రీన్ మీద అది మీ కుడి చేతి వైపు. ఫైలులో ‘వేసుకున్నవాడి ఎడమ’ అని ఒక నోటు రాసి పెట్టుకోండి, స్లీవ్‌లకీ ఇదే గొడవ వస్తుంది. టీమ్ లోగో 3 ఇంచుల వెడల్పు చాలు. మెడ పక్కన భుజం కుట్టు ఉంటుంది కదా, అక్కడి నుంచి నిలువుగా 7 ఇంచుల కింద, మధ్య గీత నుంచి 4 ఇంచుల పక్కన దాని మధ్య బిందువు ఉండాలి. అటువైపు అదే ఎత్తులో ఒక స్పాన్సర్ లోగో పెట్టొచ్చు. రెండూ ఒకే వరుసలో ఉండాలి, అర ఇంచు తేడా వచ్చినా ఫోటోలో భుజం వాలినట్టు కనిపిస్తుంది.

ఛాతీ మధ్య పెద్ద స్పాన్సర్ దగ్గరే అసలు పేచీ. పోలో జెర్సీకి బటన్ పట్టీ ఉంటుంది. మెడ లోతు మూడున్నర, పట్టీ 6 ఇంచులు, కలిపి భుజం నుంచి తొమ్మిదిన్నర దాకా మధ్య జాగా మీకు లేనట్టే. పట్టీ మీద లోగో వేస్తే రెండు ముక్కలవుతుంది. అందుకని పదిన్నర దగ్గర మొదలుపెడతారు, 3 ఇంచుల లోగో పదమూడున్నర దాకా వస్తుంది. స్క్రీన్ మీద ఏ లోపమూ కనిపించదు.

కొన్నేళ్ళ కింద ఒక టీమ్‌కి అచ్చం ఇలాగే చేశాను. ఫైనల్ అయ్యాక డబ్బులిచ్చిన పెద్దాయన ఫోన్ చేసి, పేపర్లో వచ్చిన ఫోటోలో నా దుకాణం పేరు లేదేంటయ్యా అన్నాడు. ఫోటో చూశాను. పదకొండు మందీ చేతులు కట్టుకుని నిలబడ్డారు. లోగో కింద సగం పదకొండు జతల చేతుల వెనక ఉంది. మనవాళ్ళు టీమ్ ఫోటో అంటే చేతులు కట్టుకోకుండా దిగరు. అప్పటి నుంచి ఛాతీ స్పాన్సర్ ఉన్న ప్రతి జెర్సీకీ పట్టీని నాలుగున్నరకి తగ్గించమంటాను, మూడు బటన్ల బదులు రెండు వస్తాయి. పట్టీ 8వ ఇంచుకి ముగుస్తుంది, లోగో ఎనిమిదిముప్పావు దగ్గర మొదలై పదకొండున్నరకి అయిపోతుంది. కట్టుకున్న చేతులు దాని కిందే ఉంటాయి. అయితే 7వ ఇంచు దగ్గరున్న చిన్న లోగోలు దాని నెత్తిన కూర్చోకుండా చూసుకోవాలి. చిన్న లోగోల ఎత్తు 2 ఇంచులు దాటకపోతే ముప్పావు ఇంచు ఖాళీ మిగులుతుంది. టీమ్ లోగో గుండ్రంగా 3 ఇంచుల ఎత్తు ఉంటే దాన్ని ఒక అర ఇంచు పైకి జరిపి, రెండోదాన్నీ దాని వరుసలోకి తీసుకురండి. వెడల్పు 10 దాటించకండి, 11 దాటితే చివరి అక్షరాలు చంక మడతలోకి పోతాయి.

గెలిస్తే ఇచ్చే పెద్ద చెక్కు బోర్డు ఎలాగూ అన్నిటినీ కప్పేస్తుంది, దానికి మందు లేదు.

ముగ్గురూ ఛాతీ కావాలంటున్నారన్నారు కదా. ముగ్గురినీ ఛాతీ మీద పెడితే జెర్సీ కాదు, పెళ్ళి పందిరి దగ్గర కట్టే ఫ్లెక్సీ అవుతుంది. ఎక్కువ డబ్బులిచ్చినవాళ్ళకి ఛాతీ, రెండోవాళ్ళకి వీపు కింద, మూడోవాళ్ళకి స్లీవ్ ఇవ్వండి. స్లీవ్ అంటే తక్కువ అనుకుంటే వాళ్ళకి రెండు మాటలు చెప్పండి. ఐసీసీ టోర్నీల్లో ఛాతీ మీద దేశం పేరే ఉంటుంది, స్పాన్సర్ చేతి మీదకి వెళ్ళిపోతాడు. ఇక ఐపీఎల్ టీములు లీడ్ ఆర్మ్, నాన్ లీడ్ ఆర్మ్ అని రెండు చేతుల్నీ విడివిడిగా అమ్ముకుంటాయి.

లీడ్ ఆర్మ్ అంటే బ్యాట్స్‌మన్ నిలబడినప్పుడు బౌలర్ వైపు ఉండే చేయి. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కి అది ఎడమ చేయి. కెమెరా బౌలర్ వెనకే ఉంటుంది కాబట్టి, బంతి బంతికీ తెర మీద కనిపించేది ఆ స్లీవే. మీ టోర్నమెంటుకి యూట్యూబ్ లైవ్ ఉంటే, స్టాండ్ మీద ఒకే ఒక్క కెమెరా ఉన్నా సరే, అది పెట్టేది అక్కడే. ఛాతీ ఎప్పుడో గానీ దానికి కనిపించదు. మీ టీమ్‌లో ఎడంచేతి బ్యాట్స్‌మన్లు ఎంతమందో చూడండి. వాళ్ళకి లీడ్ ఆర్మ్ కుడి చేయి కాబట్టి ఆ లోగోని కుడి స్లీవ్‌కి మార్చాలి. ఇక్కడ లోగోల చోటు మార్చండి, స్లీవ్‌ని మిర్రర్ కొట్టకండి. మిర్రర్ కొడితే లోగోలో అక్షరాలు తిరగబడతాయి. ఇంకో మాట, సబ్లిమేషన్ పేపర్ మీద అచ్చు తిరగేసే పడాలి, అది నిజమే. కానీ ఆ తిప్పడం ప్రింటర్ సాఫ్ట్‌వేర్ దగ్గర ప్రెస్‌వాళ్ళే చేసుకుంటారు. మీరూ తిప్పి పంపితే రెండుసార్లు తిరిగి, బట్ట మీద అంతా తలకిందుల వ్యవహారం అవుతుంది.

స్లీవ్ కొలత పెద్ద కష్టం కాదు. హాఫ్ స్లీవ్ ప్యాటర్న్ పరిస్తే గొడుగులా ఉంటుంది, కింద అంచు 14, 15 ఇంచులు. నిలువు మధ్య గీత చేతికి సరిగ్గా బయటి వైపు వస్తుంది. లోగో వెడల్పు 3, ఎత్తు కూడా 3 లోపే. కింద ఒక ఇంచు మడిచి కుడతారు, ఆ మడతకి 2 ఇంచుల పైన లోగో కింద అంచు ఉండాలి. లీడ్ ఆర్మ్ లోగో సరిగ్గా మధ్య గీత మీదే ఉంచండి, కెమెరా చూసేది అదే. రెండో చేతి లోగోని అర ఇంచు ముందు వైపుకి జరిపితే టీమ్ ఫోటోలో బాగా కనిపిస్తుంది. ముందు వైపు ఏదో తెలియడానికి ప్యాటర్న్ అంచున చిన్న గాట్లు ఉంటాయి, మామూలుగా ఒక గాటు ముందుకి, రెండు గాట్లు వెనక్కి. అనుమానం ఉంటే కటింగ్ మాస్టర్‌ని అడగండి. ఫుల్ హ్యాండ్స్ వేసుకునేవాళ్ళు ఉంటే లోగో మోచేతి పైనే ఉండాలి, మోచేతి కింద ఆర్మ్ గార్డ్ కట్టుకుంటారు.

రంగు గురించి ఒక్క ముక్క. సబ్లిమేషన్‌లో తెల్ల ఇంకు ఉండదు, తెలుపు అంటే ఇంకు పడని తెల్ల బట్టే. కాబట్టి నీలం జెర్సీ మీద తెల్ల నంబరు వేయడం తేలికే. ఇబ్బంది ఎర్ర లోగోతో. ముదురు నీలం మీద ఎరుపు పది అడుగుల దూరానికే కలిసిపోతుంది. చుట్టూ పావు ఇంచు తెల్ల అంచు ఇవ్వండి, లేదా స్పాన్సర్‌ని అడిగి లోగో మొత్తం తెలుపులో వేయండి. తెల్ల డబ్బాలో ఎర్ర లోగో పెట్టడం ఆఖరి మార్గం, స్టిక్కర్ అంటించినట్టు ఉంటుంది. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చిన లోగో అసలు పనికిరాదు. 640 పిక్సెళ్ళ బొమ్మని 10 ఇంచులకి లాగితే ఇంచుకి 64 పిక్సెళ్ళే వస్తాయి, కనీసం 150 కావాలి. వాళ్ళ బోర్డు రాసిన ఫ్లెక్సీ షాపు దగ్గర కోరల్ ఫైలు ఉంటుంది, దాన్ని డాక్యుమెంటుగా పంపమనండి. దొరక్కపోతే మీరే గీసుకోవాలి.

ఇండియా టీమ్ జెర్సీ చూసి భుజాల మీద మూడు గీతలు, అడిడాస్ గుర్తు, బీసీసీఐ గుర్తు వేయమని ఎవరో ఒకరు అడుగుతారు. అవి వేరేవాళ్ళ ట్రేడ్‌మార్కులు, వేయకండి. డబ్బులు పెట్టి ఆడే గేమింగ్ యాప్ ఏజెంటు వచ్చి స్పాన్సర్ చేస్తానన్నా వద్దనండి. 2025లో వచ్చిన కేంద్ర చట్టం వాటి ప్రకటనల్ని కూడా నిషేధించింది. ఇండియా జెర్సీ మీద నుంచే డ్రీమ్11 పేరు పోయింది.

సైజుల దగ్గర ఒకే తప్పు అందరూ చేస్తారు. L లో డిజైన్ పూర్తి చేసి, గ్రూపు కట్టి, M కి 95 శాతం, XXL కి 110 శాతం అని లాగేస్తారు. నంబరు ఒకరికి 8, ఇంకొకరికి 9.3 వస్తుంది, మెడ నుంచి పేరు దూరం కూడా మారిపోతుంది. సైజుతో పాటు మారాల్సింది ప్యాటర్న్, బ్యాక్‌గ్రౌండ్ డిజైన్ మాత్రమే. పేరు, నంబరు, లోగోలు M నుంచి XXL దాకా ఒకటే కొలత, కాలర్ నుంచీ మధ్య గీత నుంచీ ఒకటే దూరం. పిల్లల సైజులు, అంటే 34, 36 ఉంటే మాత్రం నంబరుని 7కి, పేరు వెడల్పుని 10కి తగ్గించండి.

పేర్ల పట్టికని ఒక షీట్‌లో పెట్టుకుని కోరల్‌డ్రాలో `Print Merge` వాడితే 16 బ్యాక్‌లు చేత్తో మార్చే పని తప్పుతుంది. ఇలా ఉంటే చాలు:

```
NO,NAME,SIZE,SLEEVE,BAT
07,NAGARAJU,L,HALF,R
18,SUBRAHMANYAM,XL,HALF,R
45,RAJU,M,FULL,L
```

ఆఖరి గడి ఎడంచేతి బ్యాట్స్‌మన్ల కోసం, స్లీవ్ లోగో తప్పు పోకుండా. 07 అని కావాలన్నవాడికి ఎక్సెల్ సున్నా తీసేసి 7 చేస్తుంది, ఆ వరుసని ముందే `Text` ఫార్మాట్‌లో పెట్టండి. పొడుగు పేర్లు దానంతటది నొక్కుకోదు, 10 అక్షరాలు దాటినవాటిని మెర్జ్ అయ్యాక చేత్తో సరిచేయాలి. 7, 18, 45 ముగ్గురేసి అడుగుతారు, ఆ గొడవ షీట్ దగ్గరే తేల్చుకోండి. ఒక జెర్సీ కుట్టాక నంబరు మార్చడం కుదరదు, ఆ ప్యానెల్ మొత్తం మళ్ళీ ప్రింటు కొట్టాల్సిందే.

ప్రతి ముక్క కుట్టు మార్జిన్‌లో `18-XL`, `18-XL-LEFT` అని చిన్న అక్షరాలతో రాయండి. 16 జెర్సీలంటే 64 ముక్కలు, కాలర్లు కాక. కటింగ్ అయ్యాక అన్నీ ఒకే కుప్పలో పడతాయి, నీలం అంతా ఒకేలా ఉంటుంది. ఆ గుర్తు చూసి టైలర్ జత కలుపుతాడు, కుట్టాక అది లోపలికి పోతుంది. ఒకే జెర్సీ ముక్కలన్నీ ఒకే రోల్ మీద, ఒకే విడతలో ప్రింటయ్యేలా అడగండి. స్లీవ్‌లు మర్నాడు వేస్తే నీలంలో తేడా ఎండలో తెలుస్తుంది. హీట్ ప్రెస్‌లో సుమారు 200 డిగ్రీల దగ్గర బట్ట కాస్త కుంచించుకుపోతుంది కూడా. అది ఎంతో తేల్చుకోవడానికి 20 ఇంచుల చతురస్రం ఒకటి అదే బట్ట మీద కొట్టించి, చల్లారాక టేపుతో కొలవండి. ఎటు ఎంత తగ్గిందో ఆ మేరకి ఫైలు పెంచాలి. చాలా ప్రెస్‌లు ఇది తామే చూసుకుంటాయి, అడిగి పెంచండి, లేకపోతే రెండుసార్లు పెరుగుతుంది.

16 కలిపి ఆర్డరు ఇచ్చేముందు మీ కెప్టెన్‌ది ఒక్కటీ కుట్టించండి, పొడుగు పేరు ఆయనదే కాబట్టి. ఆయన చేత వేయించి, టక్ చేయించి, చేతులు కట్టించి ఒక ఫోటో తీయండి. బ్యాట్ పట్టుకుని స్టాన్స్‌లో నిలబెట్టి బౌలర్ ఎండ్ నుంచి ఇంకోటి. తర్వాత ఆయన్ని పిచ్ మీదే ఉంచి మీరు బౌండరీ దాకా నడిచి వెనక్కి తిరిగి చూడండి. మూడు చోట్లా ఏం కనపడిందో రాసుకుని, కాలర్ కుట్టు నుంచి టేపు పెట్టి అసలు కొలతలతో సరిపోల్చి, తేడా ఉంటే ఫైలులో సరిచేసి మిగతా 15 వదలండి.